అప్‌డేట్: ఫౌండర్ పోస్టులు ఆగకుండా నడపడం

నా ప్రశ్న: బెంగళూరులో మాది చిన్న జీఎస్టీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఫౌండర్‌గా నా పేరు మీద పోస్టులు రాస్తున్నా, పని పెరగ్గానే ఆగిపోతున్నాయి. ఎలా కొనసాగించాలి?

అప్‌డేట్: ఖాళీ పేజీ ముందు కూర్చోవడం మానేశాను. ప్రతి శుక్రవారం అరగంట, ఆ వారం కస్టమర్లు అడిగినవే మా సపోర్ట్ అమ్మాయి నన్ను అడిగి రికార్డు చేస్తుంది. డ్రాఫ్ట్ తనది, చివరి దిద్దుబాటు మాత్రం నాదే, అది ఎవరికీ ఇవ్వను. టర్నోవర్ 10 కోట్లు, ఆపైన ఉన్నవాళ్లు ఇన్వాయిస్‌లను 30 రోజుల్లో ఇ-ఇన్వాయిస్ పోర్టల్‌లో ఎక్కించాలన్న నిబంధన క్రెడిట్ నోట్లకూ వర్తిస్తుందని రాస్తే లైకులు పెద్దగా రాలేదు. కానీ డెమో ఫారంలో ‘మా గురించి ఎలా తెలిసింది’ అన్న గడిలో అకౌంటెంట్లు ఆ పోస్టునే రాశారు. ఇప్పుడు ఆ గడినే చూస్తున్నాను. రిలీజ్ వారాల కోసం రెండు పోస్టులు ముందే సిద్ధంగా ఉంచుతున్నాం.