సైనప్ ఫారం నింపుతున్నారు, లిస్టులో మాత్రం ఎవరూ చేరట్లేదు

కథల_అరుగు: పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నా, ఇక ఓపిక లేదు. నా కథల బ్లాగులో న్యూస్‌లెటర్ సైనప్ పెట్టా, ఫారం బాగానే కనిపిస్తోంది, ఈమెయిల్ కొడితే "ధన్యవాదాలు" అని కూడా వస్తోంది, కానీ లిస్టులో ఒక్కళ్ళూ చేరట్లేదు. కోడ్ తీసేసి మళ్ళీ పెట్టా, థీమ్ కూడా మార్చి చూశా. "సైనప్ అయ్యాం కదా, కొత్త కథ రాలేదేంటి" అని పాఠకులు అడుగుతున్నారు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్.

వెన్నెల_బాట: బ్లాగర్‌లో ఫాలో బై ఈమెయిల్ గాడ్జెట్ ఉంటుంది కదా, అది పెట్టేస్తే పోలా?

రవ్వంత: అది ఫీడ్‌బర్నర్ మీద నడిచేది. 2021 జులైలో ఈమెయిళ్ళు ఆపేశారు. అరుగు గారూ, ఫ్రమ్ అడ్రస్ ఏంటి?

అచ్చుతప్పు: ముందు పోస్టుల లింకులు చూసుకోండి. బ్లాగర్‌లో టైటిల్ తెలుగులో పెడితే లింకు blog-post_12.html అని వచ్చేస్తుంది, ఆ లింకు చూసి లోపల ఏ కథ ఉందో ఎవరికీ తెలీదు. పబ్లిష్ కొట్టకముందే పర్మాలింక్‌లో కస్టమ్ ఎంచుకుని కథ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి, తర్వాత మార్చాలంటే పోస్టుని డ్రాఫ్ట్‌లోకి దించాలి. మనవాళ్ళు దీన్ని అస్సలు పట్టించుకోరు, నాకు అదే బాధ.

కథల_అరుగు: లింకుల సంగతి తర్వాత చూస్తానండి. ఫ్రమ్ అడ్రస్ నా మామూలు జీమెయిలే, దానికీ ఫారానికీ ఏం సంబంధం? ఇంకోటి, లిస్టులో Pending అని వేరే ట్యాబ్ ఉంది, అందులో ముప్పై మందికి పైగా ఉన్నారు. అవి ఫేక్ అనుకుని వదిలేశా.

రవ్వంత: వాళ్ళే మీ పాఠకులు. ఫారం పనిచేస్తోంది. "కన్ఫర్మ్ చెయ్యండి" అని వెళ్ళే మెయిల్ స్పామ్‌లో పడుతోంది, అందుకే ఎవరూ నొక్కట్లేదు.

మీ న్యూస్‌లెటర్ సర్వీసు తన సర్వర్ నుంచి పంపుతూ, పంపింది మాత్రం @gmail.com అని రాస్తోంది. అలా పంపొద్దని గూగుల్ తన నియమాల్లోనే రాసింది, 2024 నుంచి గట్టిగా చూస్తోంది కూడా. మీరే ఇంకో జీమెయిల్‌తో సైనప్ అయ్యి, స్పామ్‌లో ఆ మెయిల్ తెరిచి, మూడు చుక్కల్లో Show original నొక్కండి. పైన SPF, DKIM, DMARC అని వరసలుంటాయి, మెయిల్ నిజంగా చెప్పిన చోటు నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలవి, ఏం వచ్చిందో చెప్పండి.

కథల_అరుగు: మెయిల్ నిజంగానే స్పామ్‌లో ఉంది!! SPF PASS, DKIM PASS, DMARC FAIL.

వెన్నెల_బాట: అయితే ఎస్పీఎఫ్ రికార్డులో ఆ సర్వీసు పేరు కలిపితే సరిపోతుంది.

రవ్వంత: సరిపోదండి. ఎస్పీఎఫ్ ఇప్పటికే పాసైంది కదా, పాసైంది సర్వీసు వాళ్ళ డొమైన్ పేరు మీద. డీకిమ్ సంతకం కూడా వాళ్ళదే. డీమార్క్ చూసేది, పాసైన డొమైనూ పాఠకుడికి కనిపించే ఫ్రమ్ అడ్రస్ డొమైనూ ఒకటేనా అని. gmail.com డీఎన్ఎస్‌లో, అంటే ఆ డొమైన్ రికార్డులుండే చోట, మనం ఏమీ రాయలేం, కాబట్టి సొంత డొమైన్ కొనాల్సిందే. బ్లాగు ఎక్కడున్నా పర్లేదు.

కొన్నాక సర్వీసు సెట్టింగ్స్‌లో ఆ డొమైన్ ఇవ్వండి. డీకిమ్ కోసం కొన్ని రికార్డులు ఇస్తారు, ఎక్కువగా CNAMEలే, వాటిని డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ పేజీలో అక్షరం పొల్లుపోకుండా పెట్టాలి. చాలా చోట్ల పేరు గడిలో డొమైన్ దానంతటదే చివర చేరుతుంది, మీరూ రాస్తే రెండుసార్లు పడి వెరిఫై అవ్వదు. తర్వాత ఇదొకటి:

```
_dmarc   TXT   v=DMARC1; p=none;
```

ఫ్రమ్ అడ్రస్‌ని కొత్త డొమైన్‌కి మార్చి మళ్ళీ Show original చూడండి. మూడూ PASS వచ్చాకే Pending వాళ్ళకి కన్ఫర్మేషన్ మళ్ళీ పంపండి.

పోపులపెట్టె: నాదీ ఇదే సమస్య! నా వంటల న్యూస్‌లెటర్ ప్రమోషన్స్‌లోకి వెళ్తోంది, డొమైన్ మారిస్తే ఇన్‌బాక్స్‌కి వస్తుందా?

రవ్వంత: కాదు, అది వేరు. ప్రమోషన్స్ కూడా ఇన్‌బాక్సే, అందులో ఒక ట్యాబ్ అంతే. రికార్డులతో అది మారదు.

పోపులపెట్టె: చదివేవాళ్ళకి కనపడనప్పుడు ఏ ట్యాబ్ అయితే ఏంటండీ, స్పామ్‌తో సమానమే కదా.

వెన్నెల_బాట: ఈ గొడవంతా ఎందుకు, కన్ఫర్మేషన్ తీసేస్తే అందరూ నేరుగా చేరిపోతారుగా.

రవ్వంత: చేరతారు, కొత్త కథ మెయిల్ మళ్ళీ స్పామ్‌లోనే పడుతుంది. పైగా బాట్లు తప్పుడు అడ్రస్‌లతో లిస్టు నింపేస్తాయి, మెయిళ్ళు బౌన్సయి పేరు చెడుతుంది.

వెన్నెల_బాట: బాట్లకి క్యాప్చా ఉందిగా. నేను రెండేళ్ళుగా కన్ఫర్మేషన్ లేకుండానే నడుపుతున్నా, ఏం కాలేదు.

అచ్చుతప్పు: డొమైన్ ఎలాగూ కొంటున్నారు కాబట్టి పాత పోస్టుల లింకులు కూడా ఇప్పుడే సరిచేసుకోండి.

కథల_అరుగు: డొమైన్ కొన్నా. రికార్డులు పెట్టా, ఒకటి ఇంకా వెరిఫై అవ్వలేదు, మీరన్నట్టే పేరు రెండుసార్లు పడింది, మార్చా. థాంక్స్ రవ్వంత గారూ.

పోపులపెట్టె: మరి నా ప్రమోషన్స్ సంగతి?