ఛాతీ నొప్పి అని ఫోన్ వస్తే రిసెప్షన్‌లో ముందు ఏం అడగాలి?

మాది చిన్న క్లినిక్. మొన్న ఒకాయన ఫోన్ చేసి "గ్యాస్ పట్టేసిందమ్మా, ఎడమ చెయ్యి లాగుతోంది, ఒకటే చెమటలు" అంటే మా రిసెప్షన్ అమ్మాయి సాయంత్రం ఆరింటికి టోకెన్ ఇచ్చేసింది. పక్కనున్న నర్సు విని, వెంటనే తిరిగి ఫోన్ చేసి 108 ఎక్కించింది.

అందుకే ఇప్పుడు ఫోన్ పక్కన అంటించడానికి ఒక కాగితం రాస్తున్నాను. పేరు, ఫైలు నంబరు తర్వాత. ముందు "నొప్పి ఇప్పుడు ఉందా? ఆయాసం వల్ల మాట ఆగిపోతోందా?" అని అడగాలి. అవునంటే ఇంక టోకెన్ మాటే లేదు: "కదలకుండా కూర్చోండి, బండి నడపొద్దు, 108కి చేయండి." మందులు ఏవీ రిసెప్షన్ వాళ్లు చెప్పకూడదు, అది డాక్టరుగారి పని.

నా సందేహం ఒక్కటే. మనిషి ఇంట్లో ఒంటరిగా ఉంటే లైన్ కట్ చేయకుండా, అడ్రసు, దగ్గర్లోని గుడో బడో ఆనవాలు అడిగి, మేమే రెండో ఫోన్ నుంచి 108కి చేయడం మంచిదా? మీ క్లినిక్‌లో ఎలా చేస్తున్నారు?