గులాబీ రంగుకు తిరిగిన 35 ఎం.ఎం. ప్రింటు: ఎరుపు తగ్గిస్తే తెల్లచొక్కా నీలిపచ్చగా మారుతోంది

తెరచాటు: 1970ల నాటి 35 ఎం.ఎం. కలర్ ప్రింటు ఒక రీలు స్కాన్ చేయించాం. ఫైలు 8 బిట్‌లో వచ్చింది. బొమ్మంతా గులాబీమయం. ఎరుపు తగ్గిస్తే నల్లకోటు బాగుపడుతోంది గానీ తెల్లచొక్కా నీలిపచ్చగా మారుతోంది. పొరపాటు ఎక్కడుందో చెప్పగలరా?

రంగులరాట్నం: ఎరుపు ఎక్కువైందంటే తగ్గించాల్సిందేనండీ. మొత్తం మీద కాకుండా నీడల్లో మాత్రమే తగ్గించి చూడండి.

ముడి నెగటివ్: నీడల్లో తగ్గించమనడం సగం సరైనదే. కానీ ఇక్కడ ఎరుపు కొత్తగా వచ్చి చేరలేదు, సయాన్ రంగు పోయింది. 1980ల ఆరంభం వరకూ వాడిన చాలా కలర్ ప్రింట్ ఫిల్ముల్లో, డబ్బాలో చీకట్లో ఉంచినా సయాన్ క్షీణిస్తూనే ఉంటుంది. ఎర్రటి కాంతిని ఆపాల్సింది ఆ రంగే. అది పలచబడితే నీడల్లోంచి కూడా ఎరుపు దూసుకొస్తుంది. తెల్లచొక్కా ఉన్నచోట మొదటినుంచీ ఏ రంగూ లేదు కాబట్టి అక్కడ పోయేదీ లేదు. అందుకే అంతటా ఒకేలా ఎరుపు తగ్గిస్తే తెలుపు చెడిపోతుంది. తెలుపును కదలకుండా ఉంచి, ఎరుపు ఛానెల్‌ను అక్కణ్నుంచి చీకటివైపు సాగదీయాలి. ఈ పని 8 బిట్ ఫైలుతో కాదు, సాగదీసేసరికి మెట్లు మెట్లుగా పట్టీలు పడతాయి. 16 బిట్‌లో, ఏ దిద్దుబాటూ లేకుండా మళ్లీ స్కాన్ చేయించి, తెలుపు దగ్గరా నలుపు దగ్గరా డెన్సిటీలు, అంటే ఒక్కో రంగు కాంతిని ఫిల్ము ఎంత ఆపుతోందో, చెప్పండి.

పాతడబ్బా: మా నలుపు-తెలుపు 16 ఎం.ఎం. రీలు వెనిగర్ వాసన కొడుతోంది. దానికీ ఇదే పద్ధతి పనికొస్తుందా?

ముడి నెగటివ్: లేదండీ, మీది వేరే జబ్బు. అక్కడ పాడవుతున్నది రంగు కాదు, అసిటేట్ ఫిల్ము. అది విడుదల చేసే ఆమ్లమే దాన్ని ఇంకా వేగంగా తినేస్తుంది. ఆమ్లం తగిలితే రంగు మారే కాగితం, ఏ-డి స్ట్రిప్ ఒకటి డబ్బాలో పెట్టి మూసి, మామూలు గది వేడిలో ఒక రోజు ఉంచండి. నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు ఎంత తిరిగితే ఆమ్లం అంత ఎక్కువని లెక్క. దాని రంగుల కొలమానంలో 1.5 స్థాయి చేరితే ఆలస్యం చేయకుండా స్కాన్ చేయించండి. మిగతా రీళ్లకు దూరంగా, చల్లగా ఉంచండి.

తెరచాటు: కొత్త స్కాన్‌లో చొక్కా దగ్గర ఎరుపు 0.15, ఆకుపచ్చ 0.17. నల్లకోటు దగ్గర ఎరుపు 0.95, ఆకుపచ్చ 2.30.

ముడి నెగటివ్: తెలుపు దగ్గరి విలువలను తీసేస్తే కోటు దగ్గర ఎరుపు 0.80, ఆకుపచ్చ 2.13. అంటే ఎరుపును దాదాపు 2.66 రెట్లు సాగదీయాలి. కింద T ఫిల్ము దాటి వచ్చిన కాంతి వాటా, D డెన్సిటీ, R ఎరుపు డెన్సిటీ, R2 దిద్దిన ఎరుపు.

```
D = -log10(T)
R2 = (R - 0.15) * 2.66 + 0.15
```

డెన్సిటీలోనే గుణించండి, మామూలు పిక్సెల్ విలువల మీద గుణిస్తే మధ్య ఛాయలు తప్పుతాయి. నీలం ఛానెల్‌కూ ఇలాగే లెక్క కట్టండి, నీలికాంతిని ఆపే పసుపు కూడా కొంత పోయి ఉంటుంది. రీలు అంచులోనూ మధ్యలోనూ క్షీణత ఒకేలా ఉండదు కాబట్టి ప్రతి షాటుకూ విడిగా కొలవాలి.

తెరచాటు: చేశాం. తెలుపు, నలుపు కుదిరాయి. కానీ ఎర్ర శాలువా మట్టిరంగులో కనిపిస్తోంది.

ముడి నెగటివ్: ఎరుపు ఛానెల్‌ను ఒక్కదాన్నే నలుపు-తెలుపులో చూడండి. ఎర్ర శాలువా అందులో వెలుగ్గా ఉండాలి. మసకగా ఉందంటే, మీరు సాగదీసినదాంట్లో కొంత సయాన్ కాదు. ఆకుపచ్చ కాంతిని ఆపే మెజెంటా రంగు కూడా కాస్త ఎర్రకాంతిని మింగుతుంది, సయాన్ పలచబడ్డాక ఆ మింగడమే పెద్దదై కనిపిస్తుంది.

తెరచాటు: అవును, మసకగానే ఉంది. శాలువా దగ్గర తెలుపు తీసేశాక ఎరుపు 0.12, ఆకుపచ్చ 1.18.

ముడి నెగటివ్: అంటే ఆకుపచ్చలో పదో వంతు ఎరుపులోకి చొరబడుతోంది. సాగదీసేముందే దాన్ని తీసేయండి. కోటు దగ్గర 0.80 లోంచి 0.21 పోతే మిగిలేది 0.59, రెట్లు 3.6 అవుతాయి. ఎరుపులో గ్రెయిన్, అంటే ఫిల్ము మీది సన్నని చుక్కలు, కూడా అన్నిరెట్లు పెరుగుతుంది.

రంగులరాట్నం: శాలువాలో అసలు సయాన్ లేదని ఎలా అనుకుంటాం? ముదురు ఎరుపైతే కొంత ఉండేదే కదా.

ముడి నెగటివ్: నిజమే. పదో వంతు అన్నది గరిష్ఠం అనుకోండి, 0.07 తోనూ చేసి ముఖాల రంగు చూడండి. ఇంకో రీలులో బాగా మండే ఎరుపు దొరికితే అక్కడ కొలవడం మేలు.

రంగులరాట్నం: గ్రెయిన్ కోసం సన్నని వివరాలు ఆకుపచ్చ ఛానెల్‌నుంచి తీసుకుని ఎరుపులో కలిపేయొచ్చు.

ముడి నెగటివ్: నేనైతే ఒప్పుకోను. ఎరుపులో లేని అంచులు పుట్టుకొస్తాయి. ఎరుపు ఛానెల్‌కు మాత్రమే మృదువుగా గ్రెయిన్ తగ్గించి ఆపుతాను.

రంగులరాట్నం: పెద్ద తెరమీద ఆ అంచులు కనిపించవండీ, ఎర్రగా బుసబుసలాడే గ్రెయినే కనిపిస్తుంది.

తెరచాటు: రెండు రకాలుగానూ ఒక షాటు చేసి పెడతాం. కొన్ని రాత్రి సన్నివేశాల్లో మాత్రం ఎరుపు ఛానెల్ అచ్చం ఆకుపచ్చలాగే ఉంది, తీసేస్తే ఏమీ మిగలడం లేదు.

ముడి నెగటివ్: అక్కడ సయాన్ పూర్తిగా పోయింది, సాగదీయడానికి ఏమీ లేదు. నెగటివ్ గానీ, మూడు రంగులనూ విడివిడిగా నలుపు-తెలుపు ఫిల్ము మీదకు ఎత్తిన కాపీ గానీ, ఇంకో ప్రింటు గానీ దొరుకుతుందేమో వెతకండి. అప్పటిదాకా ముట్టుకోని 16 బిట్ స్కాన్‌ను అలాగే భద్రపరచండి.