అప్‌డేట్: చాప్టర్లు పడ్డాయి, టైములూ కుదిరాయి

నా ప్రశ్న: "రెండు గంటల లెక్చర్‌కి ట్రాన్స్‌క్రిప్ట్ చూసి టైమ్‌స్టాంపులు ఇచ్చాను. యూట్యూబ్‌లో చాప్టర్లు రావట్లేదు, నొక్కితే వేరే చోటికి పోతోంది. ఎందుకు?"

కారణాలు రెండు. డిస్క్రిప్షన్‌లో మొదటి టైము 0:00 లేదు. అది తప్పనిసరి, కనీసం మూడు టైములు వరుసక్రమంలో ఉండాలి, ఒక్కో చాప్టర్ 10 సెకన్లకు తగ్గకూడదు.

రెండోది, ట్రాన్స్‌క్రిప్ట్ ఎడిటింగ్‌కి ముందు రికార్డింగ్‌ది. మొదట్లో 6:20, విరామం దగ్గర 12:00 కోసేశారు. అందుకే విరామం ముందువాటిలో 6:20, తర్వాతివాటిలో 18:20 తీసేయాలి. 14:50 కాస్తా 8:30 అయింది, 1:21:40 ఏమో 1:03:20.

```
0:00 పరిచయం
8:30 నేల రకాలు
1:03:20 ప్రశ్నలు
```

ఒక్కో చాప్టర్ సారాంశానికి రెండు వాక్యాలు చాలు. అంకెలు, పేర్లు మాత్రం ఆడియో విని సరిచూడాలి. ఆటో ట్రాన్స్‌క్రిప్ట్ "పదిహేను"ని "పదిహేడు" చేసేస్తుంది.