అప్‌డేట్: వాలంటీర్ గంటల లెక్క కుదిరింది

నేను అడిగింది: వార్షిక నివేదిక కోసం వాలంటీర్ల గంటలు స్ప్రెడ్‌షీట్‌లో మనిషివారీగా, పనివారీగా కూడితే మొత్తం మరీ తక్కువ వస్తోంది, ఎందుకు?

ఫార్ములాలో ఏ లోపమూ లేదు. 3:30 అని కనిపిస్తున్న సెల్‌లో నిజానికి ఉన్నది 27:30, మామూలు టైమ్ ఫార్మాట్ 24 గంటలు దాటగానే మళ్లీ సున్నా నుంచి చూపిస్తుంది కాబట్టి మొత్తాల సెల్స్‌కి `[h]:mm` పెట్టగానే సరిపోయింది. (B పేరు, C పని, D గంటలు.)

```
=SUMIFS(D:D,B:B,G2)
```

పనివారీకి B బదులు C, G2లో పని పేరు.

ఇక రెండు పట్టికల మొత్తాలూ ఒకటే రావాలి కదా, మనిషివారీది 2 గంటలు తగ్గింది. వెతికితే ఒక వరుసలో "లక్ష్మి" కాస్తా "లక్ష్మీ" అయి కూర్చుంది, షీట్‌కి ఆవిడ వేరే మనిషి! పేర్లకి డ్రాప్‌డౌన్ పెట్టేశాను, చేత్తో టైప్ చేయడం బంద్.