మహాబలిపురం షోర్ టెంపుల్ ఫోటోలు: గేటు లోపల నుంచా, బీచ్ మీద నుంచా?

వేలచేరి_హరి
2026 జనవరి 25 ఆదివారం మహాబలిపురం వెళ్దామనుకుంటున్నా, ఒక్క రోజే కుదురుతుంది. షోర్ టెంపుల్ సూర్యోదయం గేటు లోపల నుంచి దొరుకుతుందా, బీచ్ మీద నుంచే తీయాలా? బండరాతి మీద చెక్కిన అర్జునుడి తపస్సు శిల్పం, పంచరథాలు ఏ టైమ్‌కి పెట్టుకోవాలి? ఫ్రేమ్‌లో జనం ఉండకూడదు. 18-55 లెన్స్, ట్రైపాడ్ ఉన్నాయి.

ఈసీఆర్_రైడర్
బీచే బ్రదర్, వేరే ఆలోచన పెట్టుకోకు. గేటు 6కి తీస్తారు, అప్పటికి సూర్యుడు పైకొచ్చేసి ఉంటాడు. నేను మే నెలలో చీకట్లోనే బయల్దేరి వెళ్లి గేటు బయట నిలబడి చూశాను, ఎర్ర రంగంతా అక్కడే అయిపోయింది, లోపలికి వెళ్లేసరికి తెల్లటి ఎండ. 5:30కల్లా ఇసుకలో ఉండు, గుడి పక్కనుంచి సూర్యుడు వస్తాడు, తీసేసుకుని టిఫిన్‌కి వెళ్లు.

పెరంబూర్_శ్రీను
సూర్యాస్తమయం సముద్రంలో పడేటప్పుడు తీస్తే ఇంకా బాగుంటుంది కదా, తెల్లవారుజామున లేచే బాధ కూడా ఉండదు.

తిరువాన్మియూర్_లావణ్య
శ్రీను గారూ, మనది తూర్పు తీరం. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక, లైట్‌హౌస్ గుట్ట వైపు దిగిపోతాడు.

పాత_నికాన్
రైడర్ చెప్పింది మే నెలకి నిజం. మే ఆఖర్లో చెన్నైలో సూర్యోదయం 5:42 ప్రాంతంలో, గేటు 6కి. హరి వెళ్లేది జనవరి ఆఖర్లో, అప్పుడు సూర్యోదయం 6:35 దాకా ఉండదు. ఏడాది మొత్తంలో ఇక్కడ సూర్యుడు అన్నిటికంటే బద్ధకంగా లేచే రోజులు అవే. గేటు తీశాక ఇంకా అరగంట చేతిలో ఉంటుంది. టికెట్ ముందురోజే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే కౌంటర్ దగ్గర ఆగక్కర్లేదు. అదే టికెట్ పంచరథాలకి కూడా పనికొస్తుంది, పారేయకు.

ఈసీఆర్_రైడర్
పేపర్ మీద 6 అని ఉంటుంది అన్నా. వేరే ఊళ్లో ఒక పాత కోట దగ్గర తాళం తీసే మనిషి రాలేదని ముప్పావుగంట నిలబెట్టారు నన్ను. ఇంకోచోట ట్రైపాడ్ చూసి వెనక్కి పంపేశారు, టికెట్ డబ్బులు పోయాయి. బీచ్‌కి తాళం ఉండదు. అంతే నేను చెప్పేది.

పాత_నికాన్
ట్రైపాడ్ మాట సరైనదే. పురావస్తు శాఖ కట్టడాల్లో ముందుగా అనుమతి తీసుకోకుండా ట్రైపాడ్ తీసుకెళ్లనివ్వరు. హరి, దాన్ని కారులోనే ఉంచు. అయినా నీకు దాని అవసరం లేదు, ఎందుకో చెప్తా.

లోపల గుడికి పడమర వైపు పచ్చిక ఉంది. అక్కడ నిలబడితే గుడి శిఖరాలు, అంటే విమానాలు రెండింటిలో చిన్న విమానం ముందు, పెద్ద విమానం దాని వెనక కనిపిస్తాయి, వాటి వెనక సముద్రం. పెద్ద విమానం ఎత్తు 18 మీటర్ల దాకా ఉంటుంది. నువ్వు 60 మీటర్ల దూరంలో ఉన్నావనుకో. సూర్యుడు సముద్రంలోంచి పైకొచ్చే క్షణం నీకు అసలు కనపడదు, గోడలూ రాళ్లూ అడ్డం. విమానం సగం ఎత్తు దగ్గర, దాని భుజం పక్కనుంచి సూర్యుడు తొంగిచూడాలంటే ఆకాశంలో సుమారు 8 డిగ్రీలు ఎక్కాలి. మన దగ్గర ఆ వేళలో గంటకి 14 డిగ్రీల దాకా ఎక్కుతాడు. అంటే సూర్యోదయం అయిన ముప్పై అయిదు, నలభై నిమిషాలకి. నువ్వు తీయాల్సిన ఫోటో టైమ్ 7:10 నుంచి 7:15. గేటు పావుగంట ఆలస్యంగా తీసినా ఏమీ పోదు. ఆ వెలుగులో ఎఫ్/16 పెట్టినా చేత్తో పట్టుకుని తీయొచ్చు.

ఇక ఎక్కడ నిలబడాలి అన్నది. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున రాడు, కంపాస్ మీద దాదాపు 109 డిగ్రీల దగ్గర, ఆగ్నేయం వైపు జరిగి వస్తాడు. ఎక్కేకొద్దీ ఇంకొంచెం దక్షిణానికి వెళ్తాడు, 7:10కి 111 అనుకో. అందుకని గుడికి నేరుగా పడమర కాదు, కాస్త వాయవ్యంగా నిలబడాలి. ముందురోజు సాయంత్రం వెళ్లగలిగితే ఫోన్‌లో కంపాస్ తెరిచి, విమానం భుజం 111 డిగ్రీల మీద కనిపించే చోటు దొరికేదాకా నడువు. యాప్‌లో గీత గీసుకోవడం సులువే, కానీ ఆ గీత మీద చెట్టుందా, కంచె ఉందా అన్నది వెళ్తేనే తెలుస్తుంది.

వేలచేరి_హరి
శనివారం రాత్రి దాకా ఆఫీసు సార్, ముందురోజు కుదరదు. 6కి వెళ్లి ఆ గంటలో వెతుక్కోవచ్చా?

పాత_నికాన్
వెతుక్కోవచ్చు. 6:05 నుంచి 7:10 మధ్య నీకు వేరే పనేముంది. మధ్యలో సూర్యుడు రాకముందు వచ్చే గులాబీ రంగు కూడా తీసుకో, అదీ బాగుంటుంది.

ఈసీఆర్_రైడర్
7:15కి గోల్డెన్ టైమ్ అయిపోతుంది అన్నా. అలల్లోంచి ఎర్రటి బంతి రావడం చూడకుండా మహాబలిపురం వెళ్లడం ఎందుకు? ఇంకో మాట, 6:45కి అర్జునుడి తపస్సు దగ్గరికి వెళ్తే ఒక్క మనిషి ఉండడు. అది తూర్పు ముఖం, పొద్దున ఎండ నేరుగా పడుతుంది. బీచ్ ముగించి అక్కడికి వెళ్లమను. జనం వద్దన్నది అతనే కదా.

పాత_నికాన్
నేరుగా పడటమే ఇబ్బంది. పొద్దున్నే కింద నుంచి ముఖం మీదకి కొట్టే ఎండలో ఆ రాయి చదునైపోతుంది, రంగు వెచ్చగా ఉంటుంది గానీ ఏనుగుల పొట్టలకి గుండ్రం రాదు, మునుల పక్కటెముకలు కనపడవు. చెక్కడం ఫోటోలో తెలియాలంటే ఎండ రాయిని రాసుకుంటూ పైనుంచి జారాలి. జనవరి ఆఖర్లో అది 10:30 నుంచి 11:30. చెన్నైలో ఆ రోజుల్లో సూర్యుడు అన్నిటికంటే ఎత్తున ఉండే అసలు మధ్యాహ్నం 12:20 దాటాక వస్తుంది, ఆ తర్వాత ఆ ముఖం నీడలోకి పోతుంది. పంచరథాల్లో వరసగా ఉన్న నాలుగూ పడమర ముఖం, వాటిని 4 తర్వాతకి ఉంచుకో.

ఈసీఆర్_రైడర్
ఆదివారం 11 గంటలకి అక్కడ ఎప్పుడైనా నిలబడ్డావా? బస్సులు, స్కూలు పిల్లలు, సెల్ఫీలు. ఎండ బాగుందని చెప్పి మనుషుల తలలు తీసుకుని రమ్మంటావా?

పాత_నికాన్
ఆ శిల్పం 13 మీటర్ల ఎత్తు. జనం కింద భాగానికే అడ్డం. 55 దగ్గర పెట్టి పైభాగం ముక్కలుగా తీయొచ్చు. కింది ఏనుగుల కోసం ఒకేచోట కదలకుండా నిలబడి నిమిషానికొకటి చొప్పున ఓ డజను ఫ్రేమ్‌లు తీసి కంప్యూటర్‌లో కలిపితే, నడిచేవాళ్లు మాయమైపోతారు.

ఈసీఆర్_రైడర్
వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి రెండు నిమిషాల ఎక్స్‌పోజర్ ఇస్తే ఒక్క ఫ్రేమ్‌లోనే పోతారు. ఇన్ని ఫ్రేమ్‌లు దేనికి.

పాత_నికాన్
ట్రైపాడ్ లేకుండా రెండు నిమిషాలు ఎలా పట్టుకుంటాడు? అదీగాక సెల్ఫీ కోసం నిమిషమంతా కదలకుండా నిలబడ్డవాడు మసక మరకలా మిగిలిపోతాడు.

తిరువాన్మియూర్_లావణ్య
ఇద్దరూ తేదీ సంగతి చూడట్లేదు. 25 తర్వాత సోమవారం 26, సెలవు. శనివారం నుంచే చెన్నై నుంచి వచ్చే ఈసీఆర్ రోడ్డు కిక్కిరిసిపోతుంది. పైగా డిసెంబరు నుంచి తైపూసం పండగ దాకా మేల్మరువత్తూరు అమ్మవారి గుడికి వెళ్లే భక్తులు ఎర్రబట్టల్లో బస్సులకి బస్సులు మహాబలిపురంలో ఆగుతారు. జనం వద్దనుకునే వాళ్లకి అది సరైన ఆదివారం కాదు.

నా సంగతి చెప్తా. నేను వెళ్లినప్పుడు కూడా ఖాళీ ఫ్రేమ్ కోసం రథాల దగ్గర చాలాసేపు కాచుకున్నాను. ఆ బూడిదరంగు రాయి ముందు ఎర్రచీరల్లో ఒక ఇరవై మంది ఆడవాళ్లు కూర్చుని పులిహోర పొట్లాలు విప్పారు. అడిగి తీశాను, ఒకావిడ నాకూ పెట్టింది. మా ఇంట్లో గోడమీద ఉన్నది ఆ ఫోటోనే. మనుషుల్ని తుడిచేయడానికి ఇంత కష్టపడటం నాకు అర్థం కాదు.

ఈసీఆర్_రైడర్
మేడమ్, అది మీ టేస్ట్. హరి అడిగింది జనం లేకుండా. ప్రతిదాంట్లో మనుషులు ఉండాలని లెక్చర్ అవసరం లేదు. అన్న కూడా అంతే, డిగ్రీలూ నిమిషాలూ చెప్పి కొత్తవాడికి టెన్షన్ పెడుతున్నాడు. ఫోటో అంటే అక్కడ నిలబడి గుండె ఆగినప్పుడు నొక్కేది.

పాత_నికాన్
రైడర్, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకు. నీ బీచ్ ఫోటోల్లో గుడి ఎప్పుడూ నల్లటి ఆకారంగానే ఉంటుంది. పల్లవులు 8వ శతాబ్దం మొదట్లో కట్టిన గుడి అది, ఉప్పుగాలి ఇన్ని వందల ఏళ్లుగా ఆ రాతిని తినేస్తోంది, ఏటా కొంచెం అరుగుతోంది. నాకు ఆ రాయి మీది పనితనం ఫోటోలో కనపడాలి. నీకు సూర్యుడు కావాలి. మనం ఇంతసేపూ గేటు గురించీ ట్రైపాడ్ గురించీ కొట్టుకుంటున్నాం గానీ తేడా అక్కడుంది.

ఈసీఆర్_రైడర్
ఉంటే ఏంటి తప్పు? వారమంతా ఏసీ గదిలో స్క్రీన్ ముందు కూర్చునేవాడిని. నాకు దొరికే ఒక్క పొద్దున సూర్యుడు సముద్రంలోంచి రావడం చూడాలి. శిల్పాలు చూడను అని నేను అనలేదు, కానీ 11 గంటల ఎండలో చెమటలు కక్కుతూ నిలబడలేను. బండి మీద తిరిగి ఇంటికి రావాలి నేను.

తిరువాన్మియూర్_లావణ్య
అది ముందే చెప్పి ఉంటే ఇంత వాదన అయ్యేది కాదు రైడర్ గారూ. సూర్యుడు మాత్రమే కావాలంటే మీరన్న బీచే సరైనది, గేటు తీసేదాకా ఎందుకు ఆగాలి.

వేలచేరి_హరి
నాకు నిజానికి రెండూ కావాలి, అదే సమస్య. ఒక వారం వాయిదా వేసి ఫిబ్రవరి 1 వెళ్తే వెలుతురు మారిపోతుందా?

పాత_నికాన్
ఏమీ మారదు. ఫిబ్రవరి మొదటి వారంలో కూడా సూర్యోదయం 6:35 దగ్గరే, దిశ రెండు డిగ్రీలు ఉత్తరానికి జరుగుతుంది, అంటే నువ్వు పచ్చిక మీద రెండు మీటర్లు పక్కకి జరిగితే చాలు.

తిరువాన్మియూర్_లావణ్య
ఫిబ్రవరి 1 సరిగ్గా తైపూసం! ఎర్రబట్టలు కావాలంటే అదే రోజు వెళ్లు, వద్దంటే 8వ తేదీ.

పాత_నికాన్
8 మంచిది. అప్పటికి సూర్యోదయం ఒకటి రెండు నిమిషాలే ముందుకొస్తుంది. ఒక్క హెచ్చరిక, సముద్రం అంచున మబ్బు పట్టీ ఉంటే బీచ్ మీద ఎర్రబంతి దొరకదు, కానీ పచ్చిక మీద 7:15 ఫోటోకి చాలాసార్లు ఏ ఇబ్బందీ ఉండదు, సూర్యుడు అప్పటికి ఆ పట్టీ దాటేస్తాడు.

ఈసీఆర్_రైడర్
మబ్బు లేకపోతే మాత్రం నేను చెప్పిందే. హరి, 5:45కి బీచ్ మీదికి రా, నేనూ 8న వస్తా. 6:35కి సూర్యుణ్ని చూసి పరుగెడితే అన్న చెప్పిన టైమ్‌కి పచ్చిక మీద ఉండొచ్చు.

పాత_నికాన్
బీచ్ నుంచి గేటుకి చుట్టూ తిరిగి రావాలి, ఆ ఇసుకలో నడిచి వచ్చేసరికి నిలబడే చోటు వెతుక్కునే టైమ్ ఉండదు. నేనైతే వద్దంటాను.

వేలచేరి_హరి
8 ఖాయం చేశాను. బీచా గేటా అన్నది ఇంకా తేల్చుకోలేదు. 50 ప్రైమ్ అద్దెకి తీసుకోవాలా, 18-55 చాలా?

తిరువాన్మియూర్_లావణ్య
18-55 చాలు. ఆ డబ్బుతో శనివారం రాత్రి అక్కడే గది తీసుకో.