విజ్ఞప్తి లేఖలో ‘కోరుచున్నాను’, ‘చెప్పారు’ పక్కపక్కనే ఉండవచ్చా?

అక్షర: మా సంఘం కార్యదర్శికి ఇవ్వాల్సిన విజ్ఞప్తి ఇది. చదివిన స్నేహితురాలు “ఇందులో ఇద్దరు మనుషులు మాట్లాడుతున్నట్టుంది” అంది. నాకు మాత్రం లేఖ అంటే గ్రాంథికమే గౌరవం అనిపిస్తుంది. ఏది ఉంచాలి, ఏది మార్చాలి?

> నేను గత మార్చిలో దరఖాస్తు సమర్పించియున్నాను. ఇంతవరకు జవాబు రాలేదు. ఆఫీసుకు వెళ్ళి అడిగితే ఫైలు పైకి పంపామని చెప్పారు. కావున నా దరఖాస్తును పరిశీలించి తగు చర్య తీసుకొనవలెనని కోరుచున్నా.

పాతపలక: గ్రాంథికమే ఉంచండి అక్షర గారూ. పెద్దలకు రాసేటప్పుడు ‘కోరుతున్నా’ అంటే ఎదురుగా నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది. ‘చెప్పారు’ని ‘చెప్పిరి’ చేయండి, చివర ‘కోరుచున్నాను’ అని పూర్తిగా రాయండి. ‘పత్రం’ లాంటివి వస్తే ‘పత్రము’ అనండి. అంతటితో సరిపోతుంది.

ఉత్తరాల సంచి: అసలు చిక్కు ‘ఆఫీసు’, ‘ఫైలు’ దగ్గర ఉంది. ‘కార్యాలయం’, ‘దస్త్రం’ అని రాస్తే లేఖ మొత్తం ఒకే తీరుగా కనిపిస్తుంది. ఇంగ్లీషు మాటలున్నంతవరకు అధికారిక భాష ఎలా అవుతుంది?

ప్రూఫుల గది: సంచి గారూ, ‘ఫైలు’ తీసి ‘దస్త్రం’ పెట్టినా ‘సమర్పించియున్నాను’ పక్కన ‘చెప్పారు’ అలాగే ఉంటుంది, స్నేహితురాలికి అవే ఇద్దరు మనుషులు వినిపిస్తారు. ఏ పదం ఎక్కడినుంచి వచ్చిందన్నది వేరే ప్రశ్న. లేఖ తీరును పట్టి ఇచ్చేది క్రియ చివర. ‘దస్త్రం పంపారు’, ‘ఫైలు పంపారు’ రెండూ ఒకే తీరువి. ‘ఫైలు పంపిరి’ మరో తీరుది.

అక్షర గారి పేరాలో క్రియల చివరలు మాత్రమే వరుసగా చూడండి. ‘సమర్పించియున్నాను’ గ్రాంథికం వైపుది. ‘రాలేదు’ ఎటైనా ఇముడుతుంది. ‘అడిగితే’, ‘పంపామని’, ‘చెప్పారు’ మూడూ ఇప్పటి మాటలు. ‘తీసుకొనవలెనని’ దగ్గర మళ్ళీ వెనక్కి వెళ్ళారు. ‘కోరుచున్నా’ అయితే ఒక్క మాటలోనే రెండు తీరులు: నడుమ ‘చు’ గ్రాంథికం, చివర ‘ను’ ఎగిరిపోవడం నోటిమాట.

ఇలా జరగడానికి కారణం ఉంది. లేఖ మొదలు, ముగింపు మనకు కంఠతా వచ్చిన వాక్యాలు. వాటిని ఎవరైనా గ్రాంథికంలో రాసేస్తారు. నడుమ జరిగినదేమిటో చెప్పాల్సి వచ్చేసరికి ఆ పాఠం దగ్గర ఉండదు, చేతికి మాట్లాడే భాషే వస్తుంది. ముఖ్యంగా ‘అడిగితే’ లాంటి షరతు దగ్గర, ‘పంపామని’ లాంటి ఒకరి మాటను ఇంకొకరు చెప్పే చోట. మీ లేఖలో అనుమానం వస్తే ముందు నడిమి పేరా చూడండి.

పాతపలక: అయితే నడిమి పేరాను కూడా గ్రాంథికంలోకి తెస్తే పోతుంది కదా?

ప్రూఫుల గది: తెచ్చి చూద్దాం. ‘అడిగితే’ బదులు ‘అడుగగా’ అనాలి. ‘పంపామని’ ‘పంపితిమని’ అవుతుంది, ‘చెప్పారు’ ‘చెప్పిరి’ అవుతుంది. ‘ఆఫీసుకు వెళ్ళి అడుగగా ఫైలు పైకి పంపితిమని చెప్పిరి’. తప్పు లేదు. కానీ రెండో పేజీ వరకు ఇలా రాయగలరా? ఇంకా ముందుకు వెళితే, పాత వ్యాకరణం ప్రకారం ‘చర్యను తీసుకొని’ కాదు, ‘చర్యను’ చివరి ‘ను’ లాంటి ద్రుతం తర్వాత వచ్చే ‘త’ ‘ద’గా మారి ‘చర్యను దీసికొని’ అవ్వాలి. ఆ నియమం ఇప్పుడు లేఖల్లో ఎవరూ పాటించరు. కాబట్టి మనం గ్రాంథికం అనుకుంటున్నది నిజానికి నాలుగైదు గ్రాంథికపు చివరలు అతికించిన ఇప్పటి తెలుగే. గ్రాంథికం కావాలని పట్టుబట్టే పండితులు కూడా దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని గిడుగు రామమూర్తి ఏనాడో ఉదాహరణలతో చూపించారు.

నేను చేసే మార్పు ఇది:

> నేను గత మార్చిలో దరఖాస్తు సమర్పించాను. ఇంతవరకు జవాబు రాలేదు. కార్యాలయంలో విచారిస్తే, ఫైలును పై అధికారికి పంపామని చెప్పారు. కాబట్టి నా దరఖాస్తును పరిశీలించి తగిన చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను.

‘వెళ్ళి అడిగితే’ని ‘విచారిస్తే’ చేశాను. చివర అదే ‘తే’, మాట మాత్రం కాస్త నిలకడగా ఉంది. గౌరవం కావాలంటే మాటల ఎంపికలో తెచ్చుకోవచ్చు, క్రియను వందేళ్ళ వెనక్కి తీసుకెళ్ళనక్కర్లేదు. ‘తీసుకోవలసినదిగా’ అనకుండా ‘తీసుకోవలసిందిగా’ అనడం కూడా అందుకే. ‘కోరుతున్నా’ మాత్రం వద్దు. మాట్లాడేటప్పుడు ‘ను’ పోయినా, ఇలాంటి లేఖలో ఉండాల్సిందే.

అక్షర: మరి ‘కావున’ ఎందుకు తీశారు? అడుగున ‘ఇట్లు, భవదీయురాలు’ అని రాస్తాను, అది కూడా తీయాలా?

ప్రూఫుల గది: ‘ఇట్లు’ ఉంచండి. అది వాక్యం లోపలిది కాదు, సంతకం లాగే లేఖకు స్థిరమైన భాగం. ‘కావున’ ఉన్నా పెద్ద ప్రమాదం లేదు. కాకపోతే అది రాయగానే చేయి దానంతటదే ‘కోరుచున్నాను’ వైపు వెళుతుంది. అందుకే తీశాను.

చిత్తుప్రతి: నా బాధ వేరు. మా ఇంట్లో ‘చెప్పిండ్రు’, ‘పంపినం’ అంటాం. చదువుకున్నవాళ్ళమే. నేను లేఖలో ‘చెప్పిండ్రు’ అని రాస్తే యాస అంటారు, మీరు ‘చెప్పారు’ అని రాస్తే ప్రామాణికం అంటారు. మీ నోటి నుంచి వచ్చినదే రాతలోకి వచ్చింది కదా. లేఖంతా ‘ఇచ్చిన’, ‘చెప్పిండ్రు’, ‘కోరుతున్న’ అని ఒకే తీరుగా రాస్తే మీ నియమం ప్రకారం అది తప్పు కాకూడదు.

ప్రూఫుల గది: తీరు తప్పలేదన్నది నిజమే. ఒక్క చోటు మాత్రం చూసుకోవాలి. ‘నేను ఇచ్చిన దరఖాస్తు’లోని ‘ఇచ్చిన’, ‘దరఖాస్తు నేను ఇచ్చిన’లోని ‘ఇచ్చిన’ రాతలో ఒకేలా ఉంటాయి. మాట్లాడితే సాగదీత వల్ల తెలుస్తుంది, కాగితం మీద వాక్యం అక్కడ ముగిసిందో లేదో ఒక్కోసారి తెలియదు. మిగతాదాని గురించి నాకు అభ్యంతరం లేదు. తీసుకునే కార్యాలయం ఏమంటుందన్నది నేను హామీ ఇవ్వలేను.

చిత్తుప్రతి: సాగదీసిన చోట ‘ఇచ్చినా’ అని రాయచ్చు.

ప్రూఫుల గది: అప్పుడు ‘ఇచ్చినప్పటికీ’ అనే అర్థం వస్తుంది. నాకు ఇంకా దారి దొరకలేదు.

ఉత్తరాల సంచి: నేను చాలా ఏళ్ళుగా ‘నేను దరఖాస్తు సమర్పించడమైనది’ అని రాస్తున్నాను. ఇది ఏ తీరు?

ప్రూఫుల గది: అది తీరు కంటే ముందు వాక్య నిర్మాణం సమస్య. ‘ఉత్తర్వు జారీ చేయడమైనది’ అన్నప్పుడు చేసినవారిని వాక్యం దాచేస్తుంది, కార్యాలయం దాన్ని వాడేది అందుకే. మీరు ‘నేను’ అని ముందే చెప్పారు కాబట్టి ‘సమర్పించాను’ అనే ముగించాలి.

పాతపలక: ఇదంతా ఒప్పుకుంటాను. కానీ ‘పరిశీలించగలరు’ అనే మాటను నేను వదులుకోను. ‘పరిశీలించండి’ అంటే ఆజ్ఞ లాగా ఉంటుంది, ‘పరిశీలించవలసిందిగా కోరుతున్నాను’ ప్రతి వాక్యంలో రాయలేం.

ప్రూఫుల గది: ‘గలరు’ అంటే చేయగల శక్తి ఉందని కదా, అభ్యర్థన ఎక్కడుంది అని నా అభ్యంతరం. అయినా అది ఇప్పటి క్రియల పక్కన ఇమిడిపోతుంది, తీరును చెడగొట్టదు. ఒక లేఖలో ఒకసారికి మించి రాకపోతే నేను దిద్దను.

పాతపలక: నేను రెండుసార్లు రాస్తాను.